కంటికి కనపడని మంట

చెవిలో పెట్టుకోవడానికి మందుల షాపులో అమ్మే దూదిపుల్ల లాంటిదే. దాని కొసను సెలైన్ నీళ్లలో ముంచి, వైద్యురాలు ముందుగా తొడ లోపలి వైపు తాకించింది. "సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఓర్చుకోలేనంత. ఇక్కడ ఎంత?"

"సున్నా."

దూదిపుల్ల కొంచెం కొంచెంగా లోపలికి జరిగింది. బయటి పెదవుల మీద సున్నా. లోపలి పెదవుల బయటి వైపు ఒకటి. లోపలి పెదవులను మెల్లగా విడదీసి, యోని ద్వారం చుట్టూ ఉన్న లేత చర్మాన్ని గడియారం ముఖంలా ఊహించుకుని, ఒక్కో అంకె దగ్గరా తాకుతూ వచ్చింది. రెండు దగ్గర రెండు. నాలుగు దగ్గర ఆరు. ఆరు దగ్గర తాకగానే పరీక్ష బల్ల మీద పడుకున్న అమ్మాయి కాళ్లు దగ్గరకు ముడుచుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎనిమిది. కాదు మేడమ్, తొమ్మిది."

వైద్యురాలు ఒక చిన్న అద్దం చేతికిచ్చి ఆ చోటు చూపించింది. పుండు లేదు, వాపు లేదు, పొక్కు లేదు. చర్మం చర్మంలాగే ఉంది.

"మీకు నొప్పి ఉంది, అది ఇక్కడుంది," అంది. ఏడాదిగా ఆ మాట ఆ అమ్మాయితో ఎవరూ అనలేదు.

ఈ అమ్మాయి ఒక్కరే అయిన మనిషి కాదు. ఇలాంటి నొప్పితో వైద్యుల దగ్గరకు వచ్చేవాళ్ల కథల్లో మళ్లీ మళ్లీ వినిపించే విషయాలతో కూర్చిన మనిషి. వయసు ఇరవై తొమ్మిది, ఉద్యోగం హైదరాబాద్‌లో, పెళ్లయి రెండేళ్లు. కథ మొదలైంది సైనస్‌తో. వారం రోజులు యాంటీబయాటిక్ వాడాక కింద దురద పుట్టింది, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట అయింది. డాక్టరు ఫ్లూకొనజోల్ 150 మాత్ర ఒకటి రాసింది, తగ్గింది. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మాత్ర, మళ్లీ తగ్గింది. మూడోసారి వచ్చింది దురద కాదు, మంట. తెల్లబట్ట కూడా లేదు. అయినా పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లి అదే మాత్ర తెచ్చుకుంది. ఈసారి మంట కదల్లేదు.

అక్కడి నుంచి దారి తెలిసిందే. అమ్మమ్మ "వేడి చేసిందే తల్లీ" అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు మొదలుపెట్టించింది. షాపు కుర్రాడు ఒక ట్యూబు ఇచ్చాడు. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, ఘాటైన స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము అది. మన ఊళ్లలో గజ్జి నుంచి తామర దాకా అన్నిటికీ అమ్ముడుపోయే సరుకు. రాసుకున్న రెండు రోజులు హాయిగా ఉండేది, ఆ తర్వాత మంట ఇంకా పెరిగేది. మూత్ర పరీక్షలో ఏమీ లేదు. స్కానింగ్‌లో గర్భసంచి, అండాశయాలు బాగున్నాయి. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని ఒకరు, "పిల్లలు పుడితే అదే పోతుంది" అని ఇంకొకరు అన్నారు. ఈలోగా జీన్స్ మానేసింది, స్కూటీ మానేసింది. ఆఫీసులో మధ్యాహ్నం దాటాక కుర్చీ అంచున కూర్చునేది. రాత్రి ఎనిమిదైతే చాలు, భర్త దగ్గరకు వస్తాడేమోనని భయం.

వైద్యంలో దీనికో పేరుంది, వల్వోడీనియా. వల్వా అంటే యోని బయటి భాగం మొత్తం, పెదవులు, ద్వారం, వాటి చుట్టూ ఉన్న చర్మం. గ్రీకు నుంచి వచ్చిన రెండో సగానికి నొప్పి అని అర్థం. స్త్రీల జననాంగ వ్యాధులపైనా, కటి నొప్పిపైనా పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘాలు 2015లో కలిసి కూర్చుని ఒక నిర్వచనం మీద ఒప్పందానికి వచ్చాయి. వల్వాలో కనీసం మూడు నెలలుగా నొప్పి ఉండాలి, దానికి స్పష్టమైన కారణం ఏదీ దొరకకూడదు. నొప్పి అన్నారు గానీ, చాలామంది ఆడవాళ్లు వాడే మాట మంట. కారం రాసినట్టు, గీరుకుపోయినట్టు, సూదులు గుచ్చినట్టు అని చెప్తారు.

వైద్యులు అడిగే తర్వాతి రెండు ప్రశ్నలు చిన్నవే గానీ వైద్యం దారిని అవే నిర్ణయిస్తాయి. నొప్పి ఒకచోటే ఉందా, మొత్తం పరుచుకుందా? ఏదన్నా తగిలితేనే వస్తుందా, ఊరికే కూర్చున్నా వస్తుందా? మన అమ్మాయికి ఒక్కచోటే, అదీ తగిలితేనే. కుర్చీ, జీన్స్ కుట్టు, నెలసరి ప్యాడ్, భర్త, ఏది తగిలినా అంతే. ద్వారం చుట్టూ ఉన్న ఆ పలచని చర్మాన్ని వెస్టిబ్యూల్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు ఇంటి ముందరి వసారా అని అర్థం. అక్కడి నొప్పిని వెస్టిబ్యులోడీనియా అంటారు. నెలసరి ఇంకా ఆగని వయసులో వల్వోడీనియాతో వచ్చేవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం ఇదే.

ఇది కొత్త జబ్బేం కాదు. యోని ద్వారం దగ్గర నరాలు అతిగా స్పందించే నొప్పి గురించి, కంటికి మాత్రం పెద్దగా ఏమీ కనిపించకపోవడం గురించి 1880లలోనే అమెరికన్ గైనకాలజీ గ్రంథాల్లో రాశారు. తర్వాత దాదాపు వందేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1987లో ఎడువార్డ్ ఫ్రీడ్రిక్ అనే అమెరికన్ వైద్యుడు దీన్ని గుర్తించే లక్షణాలను క్రోడీకరించాక మళ్లీ ఊపు వచ్చింది. 2003లో బోస్టన్ పరిసరాల్లోని మహిళల మీద చేసిన సర్వేలో దాదాపు 16 శాతం మంది, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మూడు నెలలకు తగ్గకుండా ఇలాంటి నొప్పి పడ్డామన్నారు. వాళ్లలో 40 శాతం మంది దాకా వైద్యం కోసం అసలు వెళ్లనే లేదు. వెళ్లినవాళ్లలో అరవై శాతం మంది ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ డాక్టర్లను చూశారు. అది బోస్టన్ సంగతి. "ఆ చోట" అన్న మాటకు మించి నోరు దాటని మన ఇళ్ల సంగతి చెప్పేదేముంది.

కారణం దొరకకూడదు అన్న షరతులోనే అసలు పని ఉంది. దొరికే కారణాలన్నిటినీ ముందు వెతకాలి. అందుకే వైద్యురాలు దూదిపుల్ల తీయడానికి ముందు చాలాసేపు దీపం వెలుగులో చూసింది. చర్మం ఎక్కడన్నా తెల్లగా, సిగరెట్ కాగితంలా ముడతలు పడి ఉంటే అది లైకెన్ స్క్లీరోసస్ కావచ్చు. దానికి వైద్యం వేరు, సరిగా వాడితే బాగా లొంగుతుంది. మానని పుండు, గడ్డ, రంగు మారిన మచ్చ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపాలి. నీటిపొక్కులు వచ్చి పోతుంటే హెర్పిస్ కోసం చూడాలి. నెలసరి ఆగిన స్త్రీలలో, పాలిచ్చే తల్లుల్లో ఈస్ట్రోజన్ తగ్గి ఆ చర్మం పొడిబారి, పలచబడి మండుతుంది. ఈస్ట్రోజన్ లేమికి తగిన చికిత్స ఉంది గనుక దాన్ని వల్వోడీనియా అని ముద్ర వేసి వదిలేయడం నేరంతో సమానం.

ఆ తర్వాత యోని నుంచి కొద్దిగా స్రావం తీసి లిట్మస్ లాంటి కాగితం మీద పెడతారు. ఆరోగ్యంగా ఉంటే ఆమ్లతను చెప్పే పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అదే స్రావాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, ఫంగస్ కోసం కల్చర్‌కు పంపుతారు. మన అమ్మాయి విషయంలో తేడా తేల్చింది ఈ కల్చరే. ఏడాదిలో ఐదుసార్లు ఫంగస్ మందు వాడింది, కల్చర్ మాత్రం ఒక్కసారీ చేయించలేదు. ఇప్పుడు చేయిస్తే ఫంగస్ మొలవలేదు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. అమెరికాలో 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమకున్నది ఫంగస్సే అని సొంతంగా తేల్చుకుని మందు కొనుక్కున్న 95 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే, అనుకున్న జబ్బే ఉన్నది మూడో వంతు మందికి మాత్రమే. దురద ప్రధానమైతే ఫంగస్‌ను అనుమానించడం సహజం. తెల్లబట్ట లేకుండా, దురద లేకుండా, తగిలితే మాత్రమే మండితే, మరో మాత్ర మింగే ముందు కల్చర్ అడగాలి.

మరి ఫంగస్ పోయాక కూడా మంట ఎందుకు మిగిలింది?

దీనికి ఒకటే జవాబు లేదు. 1990ల చివర్లో స్వీడన్ పరిశోధకులు ఇలాంటి స్త్రీల వెస్టిబ్యూల్ నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, చర్మం పైపొరలో నొప్పి నరాల కొసలు మామూలుకన్నా ఎక్కువగా కనిపించాయి. మళ్లీ మళ్లీ వచ్చిన ఇన్ఫెక్షన్ల వాపు అక్కడి నరాలను రెచ్చగొట్టి ఉండొచ్చని చాలామంది వైద్యులు భావిస్తారు. ఇక అదే చోట నెలల తరబడి నొప్పి సంకేతాలు వెళ్తుంటే వెన్నుపాము, మెదడు కూడా వాటిని పెద్దవి చేసి వినడానికి అలవాటుపడతాయి. కాలిన చేతికి గోరువెచ్చని నీళ్లు కూడా సలసల కాగినట్టు తోస్తాయి కదా, అలాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ కాలిన గాయం మానిపోయింది, సున్నితత్వం మాత్రం మిగిలిపోయింది. దూది తాకితే తొమ్మిది రావడానికి అర్థం అదే. పార్శ్వపు నొప్పితో తల పట్టుకున్నవాళ్ల స్కానింగ్‌లోనూ సాధారణంగా ఏమీ కనిపించదు. అయినా వాళ్లను "నీకేమీ లేదు" అని పంపించేయం.

మూడో పోగు కండరాలది. నొప్పి వస్తుందని తెలిసిన చోట ఒళ్లు దానంతటదే బిగుసుకుంటుంది. కటి అడుగున మూత్రనాళాన్ని, యోనిని, మలద్వారాన్ని ఊయలలా మోసే కండరాలు ఉంటాయి. దూదిపుల్ల పరీక్ష అయ్యాక వైద్యురాలు గ్లౌజు తొడిగిన ఒక్క వేలితో, నొప్పి పుట్టే చర్మానికి వీలైనంత తక్కువ తగిలేలా, ఆ కండరాలను రెండు వైపులా మెల్లగా నొక్కి చూసింది. రెండు వైపులా తాడులా బిగుసుకుని ఉన్నాయి. పిడికిలి గట్టిగా బిగించి ఐదు నిమిషాలు ఉంచి చూడండి, చేయి ఎలా లాగుతుందో తెలుస్తుంది. ఆమె ఆ పిడికిలిని ఏడాదిగా విప్పలేదు.

మొదటి చీటీలో కొత్త మందుల కన్నా ఆపాల్సినవే ఎక్కువ ఉన్నాయి. మూడు మందుల క్రీము ఆపాలి. అందులోని స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది, దాన్ని కలిపిన పదార్థాలే కొందరికి మంట పుట్టిస్తాయి. "ఇంటిమేట్ వాష్" సీసా, సబ్బు, డెటాల్ నీళ్లు, సువాసన ప్యాడ్లు అన్నీ పక్కన పెట్టాలి. మామూలు నీళ్లు చాలు, అదీ రుద్దకుండా. తడి ఆరాక సువాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా. నూలు లోదుస్తులు, రాత్రి అవీ లేకపోయినా సరే.

రెండోది 5 శాతం లిడోకైన్ ఆయింట్‌మెంట్. పళ్ల డాక్టరు తిమ్మిరెక్కించడానికి వాడే మందు కుటుంబమే. దూది ముద్దకు పట్టించి పడుకునే ముందు ఆ చోట ఉంచుకోవాలి. మొదటి కొన్ని నిమిషాలు అదే మండుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మొదటి రాత్రే ట్యూబు చెత్తబుట్టలో పడుతుంది.

మూడోది ఆమెను భయపెట్టింది. ఎమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రికి ఒకటి. ఇంటికెళ్లి ఫోన్‌లో వెతికితే "డిప్రెషన్ మందు" అని కనిపించింది. మర్నాడే ఫోన్ చేసింది. "మేడమ్, నాకు పిచ్చి అనుకుంటున్నారా?" కాదు. అదే మందును డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు కన్నా చాలా తక్కువలో ఇస్తే నరాల నొప్పి తగ్గుతుందని షుగర్ రోగుల కాళ్ల మంటకు ఎన్నేళ్లుగానో వాడుతున్నారు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, పొద్దున మత్తుగా ఉంటుంది. అందుకే పదితో మొదలుపెట్టి, తట్టుకుంటేనే మెల్లగా పెంచుతారు. మానేసేటప్పుడు కూడా మెట్టు మెట్టుగా దిగాలి. గర్భం కోసం చూస్తుంటే ముందే చెప్పాలి.

ఈ మందులు ఎంత పనిచేస్తాయన్న దగ్గర మాత్రం నిజాయితీ అవసరం. ఎమిట్రిప్టిలిన్‌కు దగ్గర చుట్టమైన డెసిప్రమిన్‌ను, లిడోకైన్‌ను ఉత్తుత్తి మందుతో పోల్చిన అమెరికన్ ప్రయోగం ఒకటి 2010లో వచ్చింది. అన్ని గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలోనూ దాదాపు అంతే తగ్గింది. గాబాపెంటిన్ మీద 2018లో వచ్చిన ప్రయోగమూ నిరాశే మిగిల్చింది. అయినా వైద్యులు ఇంకా ఎందుకు రాస్తారంటే, ఒక్కొక్కరికి ఒక్కోటి పనిచేయడం వాళ్లు కళ్లారా చూస్తారు గనుక. ఎవరికి ఏది పనిచేస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు గనుక.

ఎక్కువ బలమైన సాక్ష్యం కండరాల వైపు నుంచి వచ్చింది. కెనడాలో 212 మంది వెస్టిబ్యులోడీనియా స్త్రీలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు పది వారాల పాటు కటి కండరాల ఫిజియోథెరపీ, రెండో గుంపుకు రోజూ రాత్రి లిడోకైన్ ఇచ్చారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. బాగా తగ్గిందని చెప్పినవాళ్లు ఫిజియోథెరపీలో 79 శాతం, లిడోకైన్‌లో 39 శాతం. మన దగ్గర చిక్కేమిటంటే, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. ఇంకో చిక్కు, "కటి కండరాల వ్యాయామం" అనగానే కీగల్ అని చెప్పేస్తారు. కీగల్ అంటే ఆ కండరాలను బిగించడం. ఇప్పటికే బిగుసుకున్న పిడికిలిని ఇంకా బిగించమన్నట్టు.

ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి రెండు వారాలు చేసిందల్లా ఊపిరి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట ఉబ్బేలా గాలి పీల్చి, ఆ గాలితో పాటు అడుగు కండరాలు కిందికి వదులవడం గమనించడం. ఆ తర్వాతే చేతి వేలితో లోపలి కండరాలను సాగదీయడం. నాలుగో వారానికి సిలికాన్ డైలేటర్లు. చిటికెన వేలంత లావుతో మొదలై మెల్లగా పెరిగే కడ్డీల సెట్టు అది. ఒక సైజు నొప్పి లేకుండా కుదిరితేనే తర్వాతిది. పళ్ల బిగువున ఓర్చుకుంటే ఒళ్లు మళ్లీ పాత పాఠమే నేర్చుకుంటుంది.

భర్తను వైద్యురాలు రెండోసారి వచ్చినప్పుడు లోపలికి పిలిపించింది. కారిడార్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడు వచ్చి, అద్దంలో చూపించిన గడియారం బొమ్మను కాగితం మీద గీసి చెప్తే విన్నాడు. "తనకి నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను మేడమ్," అన్నాడు. వైద్యురాలు వాళ్లకు ఒక్కటే షరతు పెట్టింది. కొన్ని వారాల పాటు దగ్గరగా ఉండడానికి అడ్డేమీ లేదు, లోపలికి మాత్రం వద్దు. ఆ రాత్రి నుంచి ఎనిమిదింటి భయం పోయిందని ఆమె తర్వాత చెప్పింది. నొప్పితో పాటు పెరిగే ఈ భయాన్ని, అపరాధ భావాన్ని విడిగా పట్టించుకునే కౌన్సెలింగ్ పద్ధతులూ ఉన్నాయి. నొప్పి మనసులో పుట్టిందని కాదు, నొప్పి మనసును కూడా పట్టుకుంటుంది గనుక.

ఇవేవీ పనిచేయకపోతే శస్త్రచికిత్స ఉంది. మండే ఆ చర్మాన్ని గుర్రపు లాడం ఆకారంలో తీసేసి, యోని లోపలి చర్మాన్ని ముందుకు లాగి కుడతారు. నొప్పి ఒకచోటే ఉండి, తగిలితేనే వచ్చేవాళ్లకే ఇది. మొత్తం పరుచుకున్న మంటకు పనికిరాదు. 2001లో కెనడాలో 78 మంది మీద చేసిన పోలికలో ఆరు నెలల దగ్గర శస్త్రచికిత్సే ముందుంది. రెండున్నరేళ్ల తర్వాత చూస్తే, కలయికలో నొప్పి విషయంలో కౌన్సెలింగ్ గుంపు కూడా దాన్ని అందుకుంది. గర్భసంచి తీయడానికీ దీనికీ మాత్రం ఏ సంబంధమూ లేదు. తెల్లబట్టకు, నడుము నొప్పికి గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. మంట ఉన్నది వసారాలో. లోపలి గది కూలగొడితే అది పోదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ అదే బల్ల, అదే దీపం, అదే దూదిపుల్ల. తొడ దగ్గర సున్నా. పెదవుల దగ్గర సున్నా. నాలుగు దగ్గర రెండు. ఆరు దగ్గర వైద్యురాలు ఆగి, "చెప్పకుండానే తాకుతున్నాను," అంది. కాళ్లు కదల్లేదు.

"మూడు. కాదు, మూడున్నర."

"రెండేనా డైలేటర్ సైజులు దాటింది?"

"మూడోది నిన్నే మొదలుపెట్టాను మేడమ్. స్కూటీ మీద వచ్చాను ఇవాళ."

వైద్యురాలు చీటీలో గడియారం బొమ్మ గీసి, పాత అంకెల పక్కన కొత్త అంకెలు వేసి, ఎమిట్రిప్టిలిన్ అదే మోతాదులో ఇంకో ఆరు వారాలు కొనసాగించమని రాసింది.